గోంగూర నిల్వ పచ్చడి వీడియో పక్క భాషల వాళ్ళకీ దొరకాలంటే: సబ్‌టైటిల్స్, టైటిల్ అనువాదాలు

ప్రశ్న: మా అమ్మ చేసే వంటలు యూట్యూబ్‌లో పెడుతున్నాను. అంతా తెలుగే. గోంగూర నిల్వ పచ్చడి వీడియో ఎనిమిది నిమిషాలు ఉంది. చెన్నైలో, బెంగళూరులో ఉన్న స్నేహితులు వెతికితే దొరకలేదన్నారు. తెలుగు సబ్‌టైటిల్స్ తప్పుల్లేకుండా ఎలా పెట్టాలి? టైటిల్‌ని తమిళం, కన్నడ, హిందీ, ఇంగ్లీషుల్లో పెడితే ఆ భాషల వాళ్ళకి కనిపిస్తుందా? ఆటోమేటిక్ అనువాదం సరిపోదా?

జవాబు:

ముందు ఏది ఏ పని చేస్తుందో విడదీసి చూడండి. వెతికేవాళ్ళకి వీడియో దొరికేలా చేసేవి టైటిల్, డిస్క్రిప్షన్. దొరికాక వాళ్ళు వదిలి వెళ్ళిపోకుండా చూసేవి సబ్‌టైటిల్స్. సబ్‌టైటిల్స్ ఎంత బాగున్నా టైటిల్ తెలుగులో ఒక్కటే ఉంటే తమిళంలో వెతికేవాళ్ళ దాకా వీడియో వెళ్ళదు. టైటిల్ తమిళంలో ఉండి లోపల సబ్‌టైటిల్స్ లేకపోతే వచ్చినవాళ్ళు అర నిమిషంలో వెళ్ళిపోతారు. రెండూ చేయాలి. కానీ టైటిళ్ళు ఒక గంట పని, సబ్‌టైటిల్స్ ఒక పూట పని. ఈ వారం సమయం తక్కువైతే టైటిళ్ళతో మొదలుపెట్టండి.

వాటికన్నా ముందు ఒక సెట్టింగ్ చూసుకోవాలి. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, ఆ వీడియో వివరాల పేజీలో కిందికి వెళ్ళి Show more నొక్కండి. అక్కడ Video language అనీ, Title and description language అనీ రెండు వేర్వేరు గడులు ఉంటాయి. చాలా తెలుగు ఛానళ్ళలో వీటిలో ఒకటి ఖాళీగానో, ఇంగ్లీషుగానో ఉండిపోతుంది. మొదటిది ఇంగ్లీషు అయితే అమ్మ మాటల్ని యంత్రం ఇంగ్లీషు అనుకుని వింటుంది, కింద అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు పడతాయి. రెండోది ఇంగ్లీషు అయితే మీ తెలుగు టైటిల్ ఇంగ్లీషు టైటిల్‌గా లెక్కలోకి వెళ్తుంది, తర్వాత అసలైన ఇంగ్లీషు టైటిల్ పెడదామంటే దానికి చోటు ఉండదు. రెండింటినీ తెలుగు చేసి సేవ్ చేశాకే మిగతా పని మొదలుపెట్టండి.

ఇక టైటిల్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, తెలుగు టైటిల్‌ని ఉన్నదున్నట్టు ఆ లిపిలో రాసేయడం. తమిళ లిపిలో 'గోంగూర నిల్వ పచ్చడి' అని రాస్తే అది తమిళం అవదు, తమిళ అక్షరాల్లో ఉన్న తెలుగు అవుతుంది. వెతికేవాళ్ళు తమ ఇంట్లో ఆ ఆకుని ఏమని పిలుస్తారో ఆ మాటే టైప్ చేస్తారు. గోంగూర మనకొక్కళ్ళకే తెలిసిన ఆకు కాదు. తమిళులు దాన్ని పుళిచ్చక్కీరై అంటారు. ఉత్తర కర్ణాటకలో పుండి సొప్పు, దాంతో చేసే కూర పుండి పల్య. మరాఠీలో అంబాడీ. హిందీలో అంబాడీ అనీ వాడతారు, గోంగురా అనీ వాడతారు. కాబట్టి ప్రతి టైటిల్‌లో రెండు పేర్లు ఉండాలి. ఆంధ్రా వంట కోసమే వెతికేవాళ్ళకి గోంగూర అన్న మాట, ఇంట్లో ఆ ఆకు పెట్టుకుని ఏం చేద్దామా అని చూసేవాళ్ళకి వాళ్ళ సొంత పేరు.

రెండో చిక్కు 'పచ్చడి' దగ్గర వస్తుంది. మనకి రోటి పచ్చడీ పచ్చడే, ఏడాది నిల్వ ఉండేదీ పచ్చడే. పక్క భాషల్లో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో అప్పటికప్పుడు నూరుకునేది చట్నీ, నిల్వ ఉండేది పికిల్. హిందీలో చట్నీ, అచార్. కన్నడలో చట్నీ, ఉప్పినకాయి. తమిళంలో తువైయల్, ఊరుగాయ్, ఈ రెండిటి మధ్యన నూనెలో మగ్గబెట్టి చేసే తొక్కు. మీది నిల్వ పచ్చడి కాబట్టి చట్నీ అన్న మాట పెట్టకూడదు. పెడితే ఇడ్లీలోకి చట్నీ కోసం వచ్చినవాళ్ళు నూనె మోతాదు చూసి వెళ్ళిపోతారు, పికిల్ కోసం వెతికేవాళ్ళకి మీ వీడియో కనబడదు. ఆటోమేటిక్ అనువాదం ఎక్కువగా తప్పేది ఇలాంటి చోటే. దానికి పచ్చడి అన్న మాట తెలుసు, అమ్మ చేస్తున్నది ఏ పచ్చడో తెలియదు.

మూడోది ఇంగ్లీషు పేరు. గోంగూరకి ఇంగ్లీషులో సోరెల్ లీవ్స్ అని రాయడం మనవాళ్ళలో స్థిరపడిపోయింది. నిజానికి బ్రిటన్‌లోనో ఫ్రాన్స్‌లోనో సోరెల్ అంటే మన చుక్కకూర కుటుంబానికి చెందిన ఆకు. గోంగూర మందార కుటుంబంలోది, దానికి దగ్గరి ఇంగ్లీషు పేరు రోజెల్. అయినా మన దేశంలో ఇంగ్లీషులో వెతికేవాళ్ళు సోరెల్ అనే టైప్ చేస్తారు. అందుకని టైటిల్‌లో గోంగూర ముందు, సోరెల్ తర్వాత పెట్టి, డిస్క్రిప్షన్ మొదటి వాక్యంలో ఇది రోజెల్ ఆకు అని రాయండి. విదేశాల్లో సూపర్ మార్కెట్‌కి వెళ్ళి వేరే సోరెల్ కొనుక్కొచ్చి చేసి, రుచి రాలేదని కామెంట్ పెట్టేవాళ్ళు తగ్గుతారు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుంటే మీ వీడియోకి టైటిళ్ళు ఇలా ఉండవచ్చు:

```
te: గోంగూర నిల్వ పచ్చడి | ఏడాదంతా పాడవకుండా
en: Gongura Nilva Pachadi | Andhra Gongura Pickle (Sorrel Leaves)
ta: ஆந்திரா கோங்குரா ஊறுகாய் | புளிச்சக்கீரை தொக்கு
kn: ಆಂಧ್ರ ಗೋಂಗುರ ಉಪ್ಪಿನಕಾಯಿ | ಪುಂಡಿ ಸೊಪ್ಪು
hi: आंध्रा गोंगुरा अचार | अंबाड़ी के पत्तों का अचार
```

వీటిని స్టూడియోలో ఎడమ పక్కన Subtitles అనో Languages అనో ఉన్న పేజీలోకి వెళ్ళి, వీడియోని ఎంచుకుని, Add language తో ఒక్కో భాషనీ చేర్చి, Title & description వరసలో Add నొక్కి పెట్టాలి. ప్రతి భాషకీ విడిగా Publish నొక్కాలి. మీరు తర్వాత ఎప్పుడైనా తెలుగు టైటిల్ మారిస్తే ఈ అనువాదాలు వాటంతట అవి మారవు, ఒక్కోదాన్నీ తెరిచి మార్చాలి.

ఇంగ్లీషు టైటిల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చూసేవాళ్ళ యూట్యూబ్ ఏ భాషలో ఉంటే ఆ భాష టైటిల్ వాళ్ళకి కనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అంటే మీరు ఇంగ్లీషు టైటిల్ పెట్టిన రోజు నుంచి, గుంటూరులో ఉన్న తెలుగు వ్యక్తికి కూడా తెలుగు టైటిల్ బదులు ఇంగ్లీషు టైటిలే కనిపించవచ్చు. అక్కడ 'స్పైసీ సోరెల్ లీఫ్ కాండిమెంట్' లాంటిది ఉంటే అది తమ గోంగూర అని మనవాళ్ళే గుర్తుపట్టరు. పైగా మనలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. అందుకే పై ఉదాహరణలో మొదటి మూడు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. ఇంగ్లీషు టైటిల్ చూసేది విదేశీయులే అనుకోకండి, ఎక్కువగా చూసేది మన ఊరివాళ్ళే కావచ్చు.

టైటిల్‌కి వంద అక్షరాల హద్దు ఉంది. ఇక్కడ అక్షరం అంటే మనం పలికే అక్షరం కాదు. 'గోంగూర నిల్వ పచ్చడి' మన లెక్కలో ఎనిమిది అక్షరాలు. కంప్యూటర్ గుణింతాన్ని, సున్నాని, పొల్లుని, వత్తు కింది అక్షరాన్ని విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దాని లెక్కలో ఖాళీలతో కలిపి పంతొమ్మిది. తమిళ, కన్నడ, హిందీ లిపులకీ ఇదే పద్ధతి. వందకి చాలా ముందే ఆపేయండి, ఎందుకంటే ఫోన్‌లో చివరి మాటలు ఎలాగూ తెగిపోతాయి. వెతికే మాట మొదట్లోనే ఉండాలి.

ఆ భాషలో ఏ మాట వాడుకలో ఉందో తేల్చుకోవడానికి డిక్షనరీ చాలదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, యూట్యూబ్ వెతుకుడు గడిలో ఆ లిపిలో మొదటి మాట టైప్ చేసి, కింద ఏ సూచనలు వస్తున్నాయో చూడండి. తమిళంలో ఆకు పేరు కొట్టగానే దాని వెనక తొక్కు వస్తోందా, తువైయల్ వస్తోందా, కుళంబు వస్తోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఒకరికి టైటిల్ చూపించండి. మీ చెన్నై, బెంగళూరు స్నేహితులు ఇందుకు సరిపోతారు, వాళ్ళు పుట్టుకతో ఆ భాషవాళ్ళయితే.

డిస్క్రిప్షన్ మొత్తాన్నీ అనువదించనక్కర్లేదు. మొదటి రెండు వాక్యాలు, పదార్థాలు వాటి కొలతలతో, అంతే చాలు. కట్ట, గుప్పెడు, గరిటె అన్నవి మాత్రం అనువాదంలో పనికిరావు. చెన్నైలో కట్ట ఒక సైజు, మీ ఊళ్ళో ఇంకో సైజు. అమ్మ వాడిన ఆకుని తూచి గ్రాముల్లో రాయండి. తూచకుండా ఊహించి రాస్తే ఉప్పు, పులుపు తేడా వచ్చి పచ్చడి పాడవుతుంది, ఆ తప్పు మీ మీదకే వస్తుంది.

ఇప్పుడు సబ్‌టైటిల్స్. తెలుగు సబ్‌టైటిల్స్ తెలుగువాళ్ళకి ఎందుకు అనిపించవచ్చు. వినికిడి తక్కువున్నవాళ్ళకి, శబ్దం లేకుండా చూసేవాళ్ళకి అవసరమన్నది ఒకటి. ఇక్కడ మరో కారణం ఉంది. మీరు పెట్టని భాషల వాళ్ళు, ఒడియావాళ్ళో బెంగాలీవాళ్ళో, ప్లేయర్‌లోనే Auto-translate పెట్టుకుని చూస్తారు. అది అనువదించేది అమ్మ గొంతుని కాదు, మీ తెలుగు సబ్‌టైటిల్స్‌ని. మీరు చేయించే అనువాదాలూ ఆ ఫైల్ నుంచే పుడతాయి. తెలుగులో ఒక తప్పు ఉంటే అన్ని భాషల్లోకీ పాకుతుంది.

రాసుకోవడం మొదలుపెట్టేటప్పుడు వీడియోని చిన్న ముక్కలుగా వింటూ, అమ్మ మాటల్ని మీరే నెమ్మదిగా మళ్ళీ చెబుతూ ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో రాయించుకుంటే వేళ్ళకి శ్రమ తగ్గుతుంది. తర్వాత చదివి దిద్దాలి. యాస మార్చకండి. అమ్మ 'ఏస్కోవాలె' అంటే 'వేసుకోవలెను' అని రాయకూడదు. కానీ వస్తువుల పేర్లు మాత్రం ప్రతిచోటా ఒకే రకంగా, పూర్తి రూపంలో ఉండాలి. ఒక చోట తాలింపు, ఇంకో చోట పోపు అని అమ్మే అంటే అలాగే ఉంచండి. ఆమె ఒకే మాట అన్నప్పుడు మీరు రెండు రకాల స్పెల్లింగులు రాయకండి. 'అన్నమాట', 'ఇంక', 'చూడండి' లాంటివి వాక్యానికి రెండేసిసార్లు వస్తే తీసేయవచ్చు.

అసలు నైపుణ్యం మాటల్ని ముక్కలుగా కోయడంలో ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, వద్దు, కూడదు అన్నవి కూడా చివరే వస్తాయి. మాట మధ్యలో కోస్తే ఏమవుతుందో చూడండి. అమ్మ ఇలా అన్నదనుకుందాం: 'నీళ్ళు పోసి మూత పెట్టి అస్సలు ఉడికించకూడదు, ఆకులో ఉన్న తడితోనే మగ్గాలి.' సమయం చూసుకుని యంత్రంలా కోస్తే ఇలా వస్తుంది:

```
41
00:03:05,000 --> 00:03:07,000
నీళ్ళు పోసి మూత పెట్టి

42
00:03:07,000 --> 00:03:10,000
అస్సలు ఉడికించకూడదు ఆకులో ఉన్న
```

తెలుగువాళ్ళకి ఇబ్బంది లేదు, చెవి మిగతాది అందిస్తుంది. కానీ అనువాదం ఏ ముక్కకి ఆ ముక్కగా జరిగితే 41వ ముక్క 'నీళ్ళు పోసి మూత పెట్టండి' అని వేరే భాషలో తెర మీద పడుతుంది. అమ్మ చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం. రెండు సెకన్ల తర్వాత దిద్దుబాటు వచ్చినా, చదివేవాళ్ళు అప్పటికే ఆ మాట పట్టుకుంటారు. నీళ్ళు తగిలితే నిల్వ పచ్చడి బూజు పడుతుంది కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. సరిగ్గా కోస్తే ఇలా ఉంటుంది:

```
41
00:03:05,000 --> 00:03:08,600
నీళ్ళు పోసి మూత పెట్టి
అస్సలు ఉడికించకూడదు

42
00:03:08,700 --> 00:03:11,400
ఆకులో ఉన్న తడితోనే మగ్గాలి
```

ప్రతి ముక్కా తనంతట తాను ఒక పూర్తి మాట. ఈ ఒక్క నియమం పాటిస్తే తమిళం, కన్నడం చేసేవాళ్ళు మీ సమయాలు మార్చకుండా మాటలు మాత్రం మార్చుకుంటారు, ఎందుకంటే ఆ భాషల వాక్యం కూడా మన వాక్యంలాగే నడుస్తుంది. ఇంగ్లీషులో క్రియ ముందుకొస్తుంది, అయినా మొత్తం వాక్యం ఒకే ముక్కలో ఉంది కాబట్టి లోపల ఎలా తిరగేసినా సమయం చెడదు.

ముక్కకి రెండు లైన్లు మించకూడదు. లైన్‌కి నాలుగైదు తెలుగు మాటలు చాలు. తెర మీద కనీసం ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఆరేడు సెకన్లు ఉండాలి. అమ్మ ఆగకుండా పది సెకన్లు మాట్లాడితే, ఊపిరి తీసుకున్న చోట కాకుండా క్రియ పూర్తయిన చోట కోయండి. లైన్ విరిచేటప్పుడు 'రెండు' ఒక లైన్లో 'స్పూన్లు' ఇంకో లైన్లో పడకుండా చూడండి. ఎనిమిది నిమిషాల వంట వీడియోకి ఇలా చేస్తే సుమారు వంద ముక్కలు, అటూ ఇటూగా వస్తాయి. రెండొందలు దాటాయంటే మాట మధ్యలో కోస్తున్నారని అర్థం.

ఫైల్ తయారీకి విండోస్‌లో ఉచితంగా దొరికే Subtitle Edit బాగుంటుంది. స్టూడియోలోనే టైప్ చేసుకున్నా ఫరవాలేదు. ఫైల్ బయట చేస్తే రెండు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు కింద Encoding దగ్గర ANSI ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. UTF-8 ఎంచుకోవాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయ్యాక ఆ ఫైల్ తిరిగి బాగవదు, అందుకే అసలు కాపీ వేరే చోట ఉంచుకోండి. రెండోది, టైపింగ్ ఎవరైనా డీటీపీ సెంటర్‌లో చేయిస్తే వాళ్ళు అను ఫాంట్లలో కొట్టి ఇస్తారు. వాళ్ళ కంప్యూటర్లో చక్కని తెలుగులా కనిపిస్తుంది. యూట్యూబ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఎందుకంటే అది తెలుగు అక్షరాల బొమ్మలు అతికించిన వేరే అక్షరాలు, యూనికోడ్ తెలుగు కాదు. పని ఇచ్చేటప్పుడే యూనికోడ్‌లో కావాలని చెప్పండి. వచ్చిన ఫైల్ తెరిచి, ఒక మాటని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తెలుగులో కనిపించాలి. అదే పరీక్ష.

ఫైల్ సిద్ధమయ్యాక Subtitles పేజీలో తెలుగు వరసలో Add నొక్కి, Upload file, తర్వాత With timing ఎంచుకుని ఎక్కించండి. Publish చేసే ముందు మొదటి నిమిషం, ఆఖరి నిమిషం రెండూ చూడండి. మొదట్లోనూ చివర్లోనూ ఒకే అర సెకను వెనకబడితే అన్ని సమయాల్నీ ఒకేసారి జరిపితే సరిపోతుంది, Subtitle Edit లో Synchronization మెనూలో అది ఉంది. మొదట్లో సరిగ్గా ఉండి చివరికి వచ్చేకొద్దీ తేడా పెరుగుతూ పోతే ఫైల్ చేసిన వీడియో, ఎక్కించిన వీడియో ఒకే వేగంలో లేవన్నమాట, ఫ్రేమ్ రేట్ తేడా. మధ్యలో ఒక చోట నుంచి మాత్రమే తేడా వస్తే ఎడిటింగ్‌లో అక్కడ ఏదో కత్తిరించారు. అక్కడి నుంచి కింది ముక్కల్నే జరపాలి.

తెలుగు ఫైల్ తప్పుల్లేకుండా నిలబడ్డాకే అనువాదాలకి వెళ్ళండి. Auto-translate ని మొదటి చిత్తుప్రతిగా వాడుకోవచ్చు, కానీ చదవకుండా పబ్లిష్ చేయకండి. వంట తెలుగులో అది ఎక్కడ పడిపోతుందో ముందే తెలుసుకుంటే చదవడం తేలిక. తెలుగులో 'వేసుకోండి', 'తీసి పక్కన పెట్టాలి' అన్నప్పుడు ఎవరు, దేన్ని అన్నది మాటల్లో ఉండదు. యంత్రం అక్కడ 'అతను', 'నేను' అని తెచ్చి పెడుతుంది. 'కారం' అంటే ఒక చోట కారప్పొడి, ఇంకో చోట ఘాటు. 'పచ్చి వాసన పోయేదాకా' అన్నచోట పచ్చిదనానికీ పచ్చ రంగుకీ తేడా తప్పిపోవచ్చు. 'దోరగా', 'మగ్గబెట్టాలి', 'నూనె పైకి తేలేదాకా' ఇవన్నీ ఒక్క మాటలో దొరకవు, ఏం కనబడాలో విడమరిచి రాయాలి.

నూనె మాటే తీసుకోండి. కోస్తాలో పప్పునూనె అంటే నువ్వుల నూనె. మాటకి మాట అనువదిస్తే అది కందిపప్పు లాంటి పప్పు నుంచి తీసిన నూనె అవుతుంది. అక్కడ మంచినూనె అన్నా నువ్వుల నూనే, యంత్రానికి మాత్రం అది నాణ్యమైన నూనె. ఇంగ్లీషులో దాన్ని మన దేశం వాళ్ళకి జింజెల్లీ ఆయిల్ అనీ, బయటి వాళ్ళకి సెసమీ ఆయిల్ అనీ రాయాలి, మొదటిసారి వచ్చినప్పుడు రెండూ రాసినా తప్పు లేదు. తమిళం మాత్రం ఇక్కడ మనకి తోడు నిలబడుతుంది. వాళ్ళు నువ్వుల నూనెని నల్లెణ్ణెయ్ అంటారు. నల్ల అంటే వాళ్ళకి మంచి. అచ్చంగా మన మంచినూనె. అది చూసి నల్లని నూనె అనుకుని ఎవరైనా దిద్దబోతే ఆపండి.

అందుకని అనువాదం ఎవరికిచ్చినా, ఫైల్‌తో పాటు పది పదిహేను మాటల పట్టిక ఇవ్వండి. అమ్మ వాడిన మాట, అది నిజంగా ఏమిటి, వీడియోలో ఏ నిమిషంలో కనిపిస్తుంది, ఈ మూడే. ఫైల్ ఇచ్చేటప్పుడు అంకెలు, సమయాలు ముట్టుకోవద్దని, మాటలు మాత్రమే మార్చమని చెప్పండి. వర్డ్‌లో తెరిచి దిద్దితే బాణం గుర్తు రూపం మారిపోవచ్చు, అప్పుడు స్టూడియో ఫైల్‌ని తిప్పికొడుతుంది, నోట్‌ప్యాడ్‌లోనో Subtitle Edit లోనో మాత్రమే తెరవాలి. తిరిగొచ్చాక ముక్కల సంఖ్య తెలుగు ఫైల్‌లో ఉన్నంతే ఉందా అని ముందు చూడండి. ఒకటి తగ్గినా అక్కడి నుంచి మాటకీ బొమ్మకీ పొంతన పోయి ఉండవచ్చు.

అన్ని భాషలూ ఒకేసారి చేయక్కర్లేదు. మీకైతే వరస ఇలా పెట్టుకోమంటాను: ఇంగ్లీషు, తమిళం, కన్నడం, తర్వాత హిందీ. గోంగూర ఇంటి వంటలో ఉన్న భాషలు ముందు రావాలి, ఆ ఆకే తెలియని భాషలు తర్వాత. మీకు చదవడం రాని, చదివి చెప్పేవాళ్ళూ లేని భాషలో టైటిల్ పెట్టకపోవడమే మేలు. అక్కడ తప్పు మాట పడినా మీకు తెలియదు, ఎవరూ వచ్చి చెప్పరు.

వీడియోలోనే అతికించిన అక్షరాల గురించి ఒక మాట. ఎడిటింగ్‌లో తెర మీద 'ఉప్పు 100 గ్రాములు' అని రాసి ఉంటే అది బొమ్మలో భాగం, దాన్ని ఏ అనువాదమూ ముట్టుకోదు. ఆ కొలత అమ్మ నోటితో చెప్పకపోతే సబ్‌టైటిల్‌లో చేర్చండి. అలాంటి అక్షరాలు తెర అడుగున ఉంటే సబ్‌టైటిల్స్ వాటి మీద పడి రెండూ చదవలేని పరిస్థితి వస్తుంది. వచ్చే వీడియోల్లో వాటిని పై భాగంలో పెట్టండి.

అంతా పెట్టాక సరిగ్గా పడిందో లేదో మీ ఖాతాలో చూసుకుంటే తెలియదు, అక్కడ మీ భాషలోనే కనిపిస్తుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో యూట్యూబ్ తెరిచి, సెట్టింగ్స్‌లో భాషని తమిళం చేసి వీడియో లింక్ పెట్టండి. టైటిల్ తమిళంలో రావాలి, CC నొక్కితే తమిళం జాబితాలో ఉండాలి. ఒక్కో భాషకీ ఇలాగే. టైటిల్ ఇంకా తెలుగులోనే ఉంటే ఆ భాషకి Publish నొక్కలేదేమో చూడండి, చాలాసార్లు అదే కారణం.

నెల గడిచాక అనలిటిక్స్‌లో రెండు చోట్లు చూడండి. ప్రేక్షకుల విభాగంలో సబ్‌టైటిల్ భాషల పట్టిక ఉంటుంది, ఎవరు ఏ భాష పెట్టుకుని చూస్తున్నారో అక్కడ తెలుస్తుంది. ట్రాఫిక్ సోర్సుల్లో యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే వచ్చినవాళ్ళు టైప్ చేసిన మాటలు వాళ్ళ లిపిలోనే కనిపిస్తాయి. కన్నడంలో మీరు ఉప్పినకాయి అని పెడితే, జనం పుండి పల్య అని వెతికి వస్తున్నారనుకోండి. అప్పుడు టైటిల్‌లోని రెండో భాగాన్ని మార్చవచ్చు, కానీ మీ వీడియోలో పల్య లేదు కాబట్టి ఆ మాట టైటిల్‌లో పెట్టకూడదు. పుండి సొప్పుని ముందుకి తెచ్చి ఉప్పినకాయిని వెనక్కి జరపండి, పల్య కోసం అమ్మ చేత ఇంకో వీడియో చేయించండి.

సెర్చ్‌లో ఆ భాష మాటలు ఒక్కటీ కనిపించకపోతే తప్పు టైటిల్‌లో ఉంది. మాటలు కనిపించి, జనం వచ్చి, వాళ్ళు చూసే సమయం మాత్రం అర నిమిషం దాటకపోతే తప్పు సబ్‌టైటిల్స్‌లో ఉంది. అప్పుడు ఆ భాష ఫైల్ మొదటి ఇరవై ముక్కలు ఆ భాషవాళ్ళు ఒకరి చేత బయటికి చదివించండి. ఎక్కడ ఆగి మళ్ళీ చదువుతారో ఆ ముక్క తెలుగు ఫైల్‌లో ఎలా ఉందో చూడండి. చాలావరకు అక్కడ తెలుగు వాక్యమే మధ్యలో తెగి ఉంటుంది.